‘దుర్గను జేరెను పూర్ణమ్మ’: ఆ చివరి పాదం ఏం చెప్పింది, ఏం చెప్పలేదు?

గురజాడ అప్పారావు (1862–1915) రాసిన ‘పుత్తడి బొమ్మ పూర్ణమ్మ’ ఇలా ముగుస్తుంది:

కన్నుల కాంతులు కలువల చేరెను
మేలిమి జేరెను మేని పసల్
హంసల జేరెను నడకల బెడగులు
దుర్గను జేరెను పూర్ణమ్మ

ఈ నాలుగు పాదాల్లో పూర్ణమ్మ చనిపోయిందని ఎక్కడా లేదు. కొలనులో దూకిందని లేదు. నీళ్ల మాటే లేదు. అయినా ఈ గేయానికి రాసే సారాంశం చాలాసార్లు ‘ముసలివాడితో కాపురానికి వెళ్లలేక పూర్ణమ్మ ఆత్మహత్య చేసుకుంది’ అన్న వాక్యంతో ముగుస్తుంది. ఇంకొందరు ‘అదేం కాదు, అమ్మవారిలో ఐక్యమైపోయింది’ అంటారు. ఎవరికి వాళ్లు తమదే కవి చెప్పిన మాట అనుకుంటారు. కవి మాత్రం ‘చేరెను’ అన్న ఒక్క క్రియ దగ్గర ఆగిపోయాడు. రెంటిలో ఒకదాన్ని గెలిపించకుండా ఆ ముగింపును ఎలా చదవొచ్చో, అలాగని ‘ఎవరికి తోచినట్టు వాళ్లు అనుకోవచ్చు’ అని ఎందుకు వదిలెయ్యకూడదో చూద్దాం.

కథలో అచ్చంగా ఉన్నది

కొండల నడుమ ఒక కొలను. కొలని గట్టున కోవెల. అందులో బంగరు దుర్గ. పూజారి ఇంట పుట్టిన పూర్ణమ్మ ఏ వేళకు పూసే పూలు ఆ వేళకు, ఏ ఋతువులో పండే పళ్లు ఆ ఋతువులో తెచ్చి అమ్మవారిని కొలుస్తుంది. ఆ తర్వాత కవి గొంతు ఒక్కసారిగా కటువవుతుంది. ‘కాసుకు లోనై తల్లీ తండ్రీ / నెనరూ న్యాయం విడనాడి’ ఆమెను ఒక ముదుసలికి ముడివేస్తారు. అత్తవారింటికి వెళ్లే రోజు వస్తుంది. పెద్దలు దీవిస్తే ఆ దీవెన విని పూర్ణమ్మ ఫక్కున నవ్వుతుంది. అన్నదమ్ములకు అప్పగింతలు చెబుతుంది:

నలుగురు కూచుని నవ్వే వేళల
నా పేరొకపరి తలవండి

తమ బిడ్డల్లో ఒకతెకు ప్రేమతో తన పేరు పెట్టమని కూడా అడుగుతుంది. ఆ మీదట ఒంటరిగా వెళ్తుంది. పొద్దు గూకుతుంది. ‘ఇంటికి పూర్ణమ రాదాయె’ అని కవి అంటాడు. ఆ తర్వాతిదే పైన చూసిన చరణం.

‘కాసుకు లోనై’ అన్నది కన్యాశుల్కం సంగతి. పెళ్లికొడుకు వైపు నుంచి డబ్బు తీసుకుని పసిపిల్లను కట్టబెట్టడం. అది గురజాడ ఊహించి రాసింది కాదు. ‘కన్యాశుల్కం’ నాటకం 1897 నాటి తొలి ముద్రణకు రాసిన ముందుమాటలో ఆయన ఒక జాబితాను ప్రస్తావించాడు. విశాఖపట్నం జిల్లాలో మూడేళ్లలో జరిగిన ఇలాంటి పెళ్లిళ్లు అందులో 1,034. పెళ్లికూతుళ్లలో 99 మంది అయిదేళ్లవాళ్లు. ఈ లెక్క మనసులో ఉన్నవాడు రాసిన గేయం అన్నది మరిచిపోకూడదు. తరువాత ఇది పనికొస్తుంది.

అస్పష్టత వేరు, శ్లేష వేరు, సందిగ్ధత వేరు

ఈ మూడు మాటలూ కలగాపులగం కావడం వల్లే సగం వాదన వస్తుంది. కవి చెప్పదలచుకున్నది సరిగా అందకపోతే అది అస్పష్టత. అది రాతలో లోపం. ఒక మాటకు రెండర్థాలుండి, రెండూ ఒకేసారి పొసిగితే శ్లేష. అక్కడ పాఠకుడికి ఇబ్బంది లేదు, రెండూ పుచ్చుకుంటాడు. సందిగ్ధతలో మాత్రం రెండర్థాలు ఎదురుబొదురుగా నిలబడతాయి. ఒకటి నిజమైతే రెండోది కాకపోవాలి అన్నట్టుంటుంది. కానీ తేల్చే ఆధారం పద్యంలో ఉండదు. మన ఆలంకారికులు సందిగ్ధాన్ని కావ్యదోషాల్లో లెక్కవేశారు. పదం ఏ అర్థంలో వాడాడో తెలియకపోతే వాక్యం నిలవదని వాళ్ల అభ్యంతరం. ఇక్కడ వాక్యం చక్కగానే నిలిచింది. తెలియనిది పదం అర్థం కాదు, జరిగిన సంఘటన.

కావాలనే వదిలాడని ఎలా తెలుస్తుంది?

అసలు ముందు తేల్చుకోవలసింది ఇది. ‘కవికి చెప్పడం చేతకాలేదేమో, లేదా ఆ కాలంలో చావును నేరుగా చెప్పరేమో’ అన్న అనుమానం న్యాయమైనదే. దానికి జవాబు అదే కవి రాసిన మరో గేయంలో దొరుకుతుంది. ‘కన్యక’లో రాజు ఒక వైశ్య కన్యను చెరపట్టబోతే ఆమె గుడి దగ్గర అగ్నిలో ప్రవేశిస్తుంది. అక్కడ మంట ఉంది, ఆమె మాటలున్నాయి, ఆమె చావు ఉంది, చివరికి ఆ రాజు ఏమయ్యాడో కూడా ఉంది. కాబట్టి ఒక ఆడపిల్ల ప్రాణత్యాగాన్ని నేరుగా చెప్పడానికి గురజాడకు అడ్డేమీ లేదు. పూర్ణమ్మ దగ్గర చెప్పలేదంటే చెప్పకూడదని అనుకున్నాడన్నమాట.

రెండో ఆధారం ఈ గేయం లోపలే ఉంది. ఆ సాయంత్రం గురించి కవి ఏదీ దాచలేదు. ఆవులూ పెయ్యలూ మందలు చేరడం, పిట్టలు చెట్ల మీద గుమిగూడడం, మింట చుక్కలు పొడవడం, కొండల కోనల్లో చీకటి నిండడం అన్నీ వరసగా చెప్పాడు. వెలుతురు తగ్గే క్రమం మొత్తం చూపించినవాడు ఒక్క మనిషిని మాత్రం కంటికి కనిపించనివ్వలేదు. ఖాళీ చుట్టూ ఇంత శ్రద్ధగా గీత గీస్తే దాన్ని మరుపు అనలేం.

కొలనులో మునిగిందన్న చదువు

దీనికి బలం చాలానే ఉంది. అప్పగింతలు చెప్పిన తీరు మళ్లీ రానివాళ్లది. అత్తారింటికి వెళ్లే పిల్ల ‘నన్ను మరిచిపోకండి’ అంటుంది. పుట్టబోయే పిల్లకు తన పేరు పెట్టమని సాధారణంగా అనదు. మన ఇళ్లల్లో పోయినవాళ్ల పేరు పెట్టుకోవడం ఆనవాయితీ. దీవెన విని నవ్విన నవ్వు కూడా ఇటువైపే చూపిస్తుంది. ఆ దీవెన ఫలించదని నవ్వుతున్న మనిషికి ముందే తెలుసు. మొదటి చరణాల్లోనే కొలను ఉంది. చివరి చరణంలో కనిపించే కలువలు, హంసలు రెండూ నీళ్లలో ఉండేవే.

చివరి చరణం నడక కూడా కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది. శరీరంలోని ఒక్కో గుణం విడివిడిగా ఒక్కో చోటికి పోతోంది. ఋగ్వేదంలో (10.16.3) దహన సమయానికి చెందిన మంత్రం ఒకటుంది. చచ్చిపోయినవాడితో ‘నీ కన్ను సూర్యుణ్ణి చేరుగాక, ప్రాణం గాలిని చేరుగాక’ అంటుంది. గురజాడ దాన్ని చూసి రాశాడని నేననడం లేదు. దేహం విడిపోవడాన్ని ఇలా పంపకంలా చెప్పే పద్ధతి మనకు పాతదని మాత్రమే అంటున్నాను.

మరి ఈ చదువుకు ఎదురు తిరిగేదేమిటి? రెండో పాదం. ‘మేలిమి జేరెను మేని పసల్’. ఒంటి నిగ్గు మేలిమి బంగారాన్ని చేరింది. కొలనులో బంగారం లేదు. బంగారం ఉన్నది గుడిలో, ‘బంగరు దుర్గ’ దగ్గర. మునిగిందనే చదువు మొదటి, మూడో పాదాలను బాగా వివరిస్తుంది గానీ రెండో పాదం దగ్గర తడబడుతుంది.

అమ్మవారిలో కలిసిందన్న చదువు

ఇది మాటలను ఉన్నవున్నట్టు తీసుకుంటుంది. కవి ‘దుర్గను చేరింది’ అన్నాడు, చేరింది. గోదాదేవి శ్రీరంగనాథుడిలో కలిసిపోయిందని చెప్పుకునే జాతికి ఇది వింత కాదు. పూలూ పళ్లూ తెచ్చిన భక్తికి ఇది తగిన ముగింపు కూడా. బంగారం పాదం ఇక్కడ చక్కగా అతుకుతుంది. అన్యాయంగా పోయిన ఆడవాళ్లను పేరంటాళ్లుగా కొలిచే ఆచారం తెలుగు పల్లెల్లో ఉంది. ‘నా పేరొకపరి తలవండి’ అన్న మాట ఆ వెలుగులో వేరేగా వినిపిస్తుంది.

దీనికి ఎదురు తిరిగేది గేయంలో ఒక పాదం కాదు, ఒక లేమి. అమ్మవారు ఎక్కడా పలకదు. కల్లో కనిపించదు, అభయం ఇవ్వదు. పెళ్లి ఆపదు. గేయమంతా ఆమె ఉన్నచోటే ఉంటుంది. ఇంత లోకరీతిగా, డబ్బుతో సహా నడిచిన కథలో చివరి పాదంలో మాత్రం మహిమ జరిగిందంటే అతుకు కనిపిస్తుంది. పైగా ఈ చదువును ఒంటరిగా పట్టుకుంటే ఇంకో చిక్కు ఉంది. పిల్ల దేవతలో కలిసి ధన్యురాలైతే కాసు పుచ్చుకున్న తల్లిదండ్రుల మీద భారం తేలికైపోతుంది. ‘నెనరూ న్యాయం విడనాడి’ అన్న కవి ఆ వెసులుబాటు ఇస్తాడా? 1,034 పెళ్లిళ్ల లెక్క అందుకే ముందు చెప్పాను.

చీలిక సరిగ్గా ఎక్కడ వస్తోంది?

అలంకారశాస్త్రంలో పాతుకుపోయిన ఉదాహరణ ఒకటుంది: ‘గంగాయాం ఘోషః’. గంగలో గొల్లపల్లె ఉంది అని. నది మీద పల్లె ఉండదు కనక మాటకున్న నేరుగా అర్థం (అభిధ) దెబ్బతింటుంది. అప్పుడు ‘గంగ ఒడ్డున’ అని సర్దుకుంటాం. అది లక్షణ. ‘ఒడ్డున’ అనకుండా ‘గంగలో’ అనడం వల్ల ఆ పల్లెకు చల్లదనం, పవిత్రత అంటుకుంటాయి. అది వ్యంజన. ఈ మెట్లన్నిటికీ మొదటి షరతు ఒకటే, నేరుగా అర్థం అసాధ్యమై ఉండాలి.

‘దుర్గను జేరెను’ దగ్గర ఈ షరతు పెట్టి చూడండి. దేవత ఉంది, మనిషి ఆమెలో కలవగలదు అని నమ్మే పాఠకుడికి నేరుగా అర్థం దెబ్బతినలేదు. అతను అక్కడే ఆగుతాడు. అది జరగదనుకునే పాఠకుడికి దెబ్బతింది. ‘చేరడం అంటే చనిపోవడం’ అని సర్దుకుంటాడు. ‘దేవుడి దగ్గరికి వెళ్లిపోయింది’ అని మనం రోజూ అనే మాటే కనక ఆ సర్దుబాటు కష్టమూ కాదు. అంటే ఇద్దరూ తప్పు చదవడం లేదు. గంగ విషయంలో అసాధ్యమన్నది లోకం తేలుస్తుంది. పూర్ణమ్మ విషయంలో దాన్ని పాఠకుడి నమ్మకం తేలుస్తోంది. గేయం ఆ నమ్మకాన్ని అడగదు, సరిచెయ్యదు.

‘దుర్గ’ అన్న మాట కూడా కుదురుగా ఉండదు. గుడిలో విగ్రహం దుర్గ. ఆ గుడి ఉన్నది కొలని గట్టునే. ‘దుర్గను చేరింది’ అంటే గుడికా, కొలనుకా, దేవతకా? వ్యాకరణం మూడిటికీ తలుపు తెరిచే ఉంచింది.

అయితే పారిపోయిందని కూడా అనొచ్చా?

అనకూడదు. ఎందుకు అనకూడదో చెప్పగలిగితేనే పై రెండు చదువులకూ విలువ. పారిపోయిందంటే ఒంటరిగా వెళ్లడం, ఇంటికి రాకపోవడం సరిపోతాయి. అప్పగింతలు కూడా కొంత సరిపోతాయి. కానీ చివరి చరణంలో కన్నుల కాంతి ఆమెను వదిలి కలువల్లోకి ఎందుకు పోవాలి? ఊరు దాటిన మనిషి తన నడకను తనతోనే తీసుకెళ్తుంది. మొగుడే ఏదో చేశాడనడానికీ, గుడిలో దాసిగా ఉండిపోయిందనడానికీ పద్యంలో లేని సంఘటనను మనం కొత్తగా పుట్టించాలి.

తేడా ఇక్కడే తెలుస్తుంది. పనికొచ్చే చదువు ఉన్న పాదాలను వివరిస్తుంది, ఒకటి రెండు చోట్ల ఇబ్బంది పడుతుంది, ఆ ఇబ్బందిని ఒప్పుకుంటుంది. పనికిరానిది ఏ పాదం దగ్గరా ఇబ్బంది పడదు, ఎందుకంటే పాదాల వైపే చూడదు.

బంగారం ఏమైంది?

రెండు చదువుల తగువులో పడి చాలామంది వదిలేసేది ఒకటుంది. ఏం జరిగిందో తేలకపోయినా తేలిపోయిన సంగతులు ఆ చరణంలో ఉన్నాయి.

గేయమంతా పూర్ణమ్మ పేరు ‘పుత్తడి బొమ్మా పూర్ణమ్మ’ అని పల్లవిలా వస్తూ ఉంటుంది. ముద్దుమాటలా మొదలైన ఆ పిలుపు ‘కాసుకు లోనై’ అన్న చోట చురుక్కుమంటుంది. పుత్తడి కనకనే వెల కట్టారు, బొమ్మ కనకనే చేతులు మార్చారు. ఆఖరి పాదం చూడండి: ‘దుర్గను జేరెను పూర్ణమ్మ’. పుత్తడి లేదు, బొమ్మ లేదు. రెండు పాదాల ముందే బంగారం బంగారంలో కలిసిపోయింది. అమ్మడానికి వీలైన మెరుపంతా పక్కకు పోయాక ఉత్త పూర్ణమ్మ మిగిలింది. మొదటి మూడు పాదాల్లో చేరినవి ఆమె కాంతి, పస, బెడగు. నాలుగో దాంట్లో చేరింది ఆమె. మునిగిందనుకున్నా, కలిసిందనుకున్నా ఇది మారదు.

ఇక ‘చేరెను’. కొంచెం ముందు సాయంత్రం వర్ణనలో ఆవులు మందలు చేరినప్పుడు ఇదే క్రియ. పొద్దుగూకే వేళకు ప్రతి జీవీ తన చోటికి చేరుకుంటోంది. ఆ వరసలో పూర్ణమ్మ మాత్రం ‘ఇంటికి రాదాయె’. వెంటనే చివరి చరణంలో నాలుగు పాదాల్లో నాలుగుసార్లు ‘చేరెను’. తెలుగులో చేరడం అంటే వట్టి వెళ్లడం కాదు. వెళ్లవలసిన చోటికి వెళ్లడం, గూటికి రావడం. అంటే ఆ రాత్రి ఆమె కూడా ఇల్లు చేరింది, కాకపోతే కన్నవాళ్ల ఇల్లు కాదు. ఇది ఓదార్పో నిందో విడదీసి చెప్పడం కష్టం. ఆ ఒక్క క్రియలో రెండూ ఉన్నాయి.

మరొకటి. గేయం మొదట్లో కవి ఎవర్ని పిలిచాడు? ‘మేలిమి బంగరు మెలతల్లారా, కలువల కన్నుల కన్నెల్లారా’ అని, కథ వినే ఆడపిల్లల్ని. చివర్లో పూర్ణమ్మ కన్నుల కాంతి కలువల్ని చేరింది, ఒంటి పస మేలిమిని చేరింది. అవే రెండు మాటలు. అలా చూస్తే ఆమె పోయినచోటు కొలనూ గుడీ కాక వింటున్నవాళ్లే కావచ్చు. ఈ మూడో చదువును నేను ఎక్కువ నొక్కను. హంసలకు మొదటి చరణంలో జోడీ లేదు. కానీ చిన్నపిల్లలకు చెబుతున్న కథకుడు ‘చచ్చిపోయింది’ అనలేక ‘చేరింది’ అన్నాడనుకుంటే, ఆ మాట మెత్తన ఎందుకో దీంతో కొంత తెలుస్తుంది.

జవాబు రాయవలసి వస్తే

‘పూర్ణమ్మ ఎలా చనిపోయింది?’ అన్న ప్రశ్న జవాబును ముందే మింగేసింది. ‘పూర్ణమ్మ కథ ఎలా ముగిసింది?’ అని అడిగితే గేయానికి దగ్గరగా ఉంటుంది. దానికి ఒక పేరా జవాబు ఇలా రాయొచ్చు:

‘సాయంత్రం ఒంటరిగా వెళ్లిన పూర్ణమ్మ ఇంటికి తిరిగి రాలేదు. ఆమె దుర్గను చేరిందని మాత్రమే కవి చెప్పాడు. అప్పగింతల మాటలు, కలువలు, హంసలు ఆమె కొలనులో ప్రాణం తీసుకుందని సూచిస్తాయి. మేలిమి బంగారం ప్రస్తావన, ఆమె చేసిన పూజలు ఆమె దేవతలో కలిసిందని సూచిస్తాయి. మొదటిదానికి బంగారం పాదం, రెండోదానికి అమ్మవారి మౌనం అడ్డొస్తాయి. ఏది అనుకున్నా పెద్దలు డబ్బుకు ఇచ్చిన ఇంటికి ఆమె వెళ్లలేదు. చివరి పాదంలో ఆమె పుత్తడి బొమ్మ కాదు, పూర్ణమ్మ.’

ఇందులో ‘సూచిస్తాయి’ అన్న చోట ‘చెబుతాయి’ అని రాస్తే గేయంలో లేనిదాన్ని కవి నోట పెట్టినట్టవుతుంది. ‘ఏది అనుకున్నా’ అన్న వాక్యం తీసేస్తే రెండభిప్రాయాలు పక్కపక్కన పెట్టి చేతులు దులుపుకున్నట్టవుతుంది. దిద్దేవాళ్లు మొదట చూడవలసినవి ఈ రెండు చోట్లే.